లెక్క చెప్పి అడిగిన బకాయి

2025 జూలై మొదటి వారంలో ఒక సాయంకాలం మా బ్రాంచి కార్యాలయానికి ఒక విశ్రాంత రైల్వే గార్డు వచ్చారు. వయస్సు ఎనభైమూడు సంవత్సరాలు. 1974 మే సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకుని, ఆ తరువాత తిరిగి విధుల్లో చేరినవారిలో ఆయన ఒకరు. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు నకలు, నాలుగు బ్యాంకు పాసుపుస్తకాలు, తాను బ్యాంకువారికి వ్రాసిన రెండు లేఖల నకళ్లు ఉన్నాయి.

"బ్యాంకువారు నాకు బాకీ ఉన్నారని నా అనుమానం బాబూ. ఎంత బాకీయో మాత్రం తెలియడం లేదు. రెండుసార్లు వ్రాశాను. పరిశీలనలో ఉన్నదన్నారు. సంవత్సరం దాటింది" అన్నారు.

ఆ రెండు లేఖలనూ మేము చదివాము. మొదటిది 2024 జనవరిలోను, రెండవది అదే సంవత్సరం అక్టోబరులోను వ్రాసినవి. రెండింటిలోను వృద్ధాప్యం గురించి ఉన్నది, భార్య అనారోగ్యం గురించి ఉన్నది, మందుల ఖర్చు గురించి ఉన్నది, "దయతో" అనే మాట ఆరు చోట్ల ఉన్నది. ఎంత రావాలి, ఏ నెలనుండి రావాలి, ఏ ఉత్తర్వు ప్రకారం రావాలి అన్న మూడు సంగతులు మాత్రం ఎక్కడా లేవు. అటువంటి లేఖను అందుకున్న గుమాస్తా దానిని ఏ రిజిస్టరులో, ఏ పద్దు క్రింద వ్రాసుకోవాలి? సానుభూతితో చదివి ఫైలులో పెడతాడు. ఆ ఫైలు అక్కడే ఉంటుంది.

ఈ మాట ఆ పెద్దాయనను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ముప్పైయేళ్లు రైలు వెనుక బండిలో కూర్చుని జెండా ఊపిన మనిషికి పెన్షన్ నిబంధనలు కంఠస్థంగా రావాలని ఎవరూ అనరు. తప్పు ఎవరిదో ముందు తేల్చి, ఆ తరువాత ఆ తప్పును కాగితంమీద పట్టించే మార్గం ఏమిటో రైల్వే, తపాలా విశ్రాంత ఉద్యోగులందరికీ ఉపయోగపడేట్లు ఇక్కడ వివరించదలచుకున్నాము.

ఆయనకు రావలసినది ఏమిటి?

కేంద్ర ప్రభుత్వ పెన్షనరుకు ఎనభై సంవత్సరాలు నిండినప్పుడు మూల పెన్షన్‌పై 20 శాతం అదనపు పెన్షన్ చెల్లించాలి. ఎనభైఐదుకు 30 శాతం, తొంభైకి 40 శాతం, తొంభైఐదుకు 50 శాతం, నూరేళ్లు నిండితే మరొక పూర్తి పెన్షన్. కుటుంబ పెన్షన్ పొందుతున్న వితంతువులకు కూడా ఈ హక్కు వర్తిస్తుంది. ఆరవ వేతన సంఘం సిఫారసులపై 2008 సెప్టెంబరులో వెలువడిన ఉత్తర్వులతో ఇది అమలులోకి వచ్చింది. రైల్వే పెన్షనర్లకు, తపాలా పెన్షనర్లకు సమానంగా వర్తిస్తుంది.

ఈ ఉత్తర్వులలో మూడు సంగతులను మనవారు చాలామంది గమనించరు. మొదటిది, అదనపు పెన్షన్ పుట్టిన తేదీనుండి కాక, ఎనభై నిండిన నెల మొదటి తేదీనుండే ఇవ్వాలి. నెలలో మొదటి తేదీన పుట్టినా, ఇరవయ్యవ తేదీన పుట్టినా ఆ నెల మొత్తానికి అదనపు పెన్షన్ వస్తుంది. రెండవది, దీనికి పెన్షనరు దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు. పెన్షన్ ఉత్తర్వులో పుట్టిన తేదీ తప్పక చూపాలనీ, గడువు వచ్చిన వెంటనే చెల్లింపు అధికారి తానుగా చెల్లించేందుకే ఆ తేదీ అక్కడ ఉన్నదనీ ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మూల పెన్షన్‌పై ఇచ్చే కరువు భృతి, అనగా మనం డి.ఆర్. అని వ్యవహరించేది, ఈ అదనపు పెన్షన్‌పై కూడా ఇవ్వాలి.

మన గార్డు గారి జన్మదినం 1942 మార్చి 17. అందుచేత 2022 మార్చి 1 నుండి ఆయనకు అదనపు పెన్షన్ రావాలి. ఆయన మూల పెన్షన్ రూ. 24,500. అందులో 20 శాతం రూ. 4,900. పదవీ విరమణనాడు అమ్ముకున్న పెన్షన్ భాగం పదిహేనేళ్ల తరువాత 2017లో తిరిగి కలిసింది కనుక ఆ చిక్కు ఈ లెక్కలో లేదు.

తప్పు ఎక్కడ జరిగింది?

పాసుపుస్తకంలో ప్రతి నెలా ఒకే మొత్తం పడుతుంది. అందులో మూలం ఎంత, కరువు భృతి ఎంత అని ఉండదు. అందుచేత ముందుగా ఆయనను బ్యాంకుకు పంపి, 2022 జనవరి నుండి నెలవారీ పెన్షన్ స్లిప్పులు తెప్పించాము. అవి చూచిన తరువాత విషయం తేటతెల్లమైనది.

పాత రోజులలో పెన్షన్ లెక్క శాఖలోని పెద్దపుస్తకంలో ఉండేది. దానిని బ్యాంకు కేంద్రీకృత పెన్షన్ కార్యాలయపు కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఆయన జన్మతేదీ గడి ఖాళీగా ఉండిపోయినది. 2022 మార్చి వచ్చినా యంత్రానికి ఆయన వయస్సు తెలియదు. 2023 నవంబరులో జీవన ప్రమాణపత్రం ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక గుమాస్తా ఆ ఖాళీని గమనించి తేదీని నింపాడు. డిసెంబరు నుండి రూ. 4,900 రావడం మొదలైనది. అంతకుముందు 21 నెలల బకాయిని ఎవరూ తలపెట్టలేదు.

ఈ మొదటి తప్పును ఆయన అనుమానించారు. రెండవది ఆయనకు కూడా తెలియదు. 2023 డిసెంబరు నుండి రూ. 4,900 ఇస్తున్నారు గాని, దానిపై కరువు భృతి ఇవ్వడం లేదు. కరువు భృతిని కేవలం రూ. 24,500 పైనే కడుతూ వచ్చారు.

దీనిని పట్టుకొనే పద్ధతి చాలా సులభం. 2025 జూన్‌లో కరువు భృతి 55 శాతం. మూల పెన్షన్, అదనపు పెన్షన్ కలిపితే రూ. 29,400. దానికి 55 శాతం చేర్చితే రూ. 45,570 రావాలి. ఆయనకు పడినది రూ. 42,875. తేడా రూ. 2,695. ఇది రూ. 4,900లో సరిగా 55 శాతం. తేడా ఇంత కచ్చితంగా సరిపోయినప్పుడు తప్పు ఎక్కడిదన్న విషయంలో ఇక సందేహం ఉండదు. నెలకు రూ. 1,000 వైద్య భత్యం పొందుతున్నవారు ఈ పరీక్షకు ముందు ఆ మొత్తాన్ని తీసివేయాలి. దానిపై కరువు భృతి లేదు.

లెక్క కట్టే విధానం

ఉద్యోగంలో ఉన్నప్పుడు వేతన బకాయిలకు కార్యాలయాలు "డ్యూ అండ్ డ్రాన్" పట్టిక తయారుచేయడం మన మిత్రులకు తెలిసినదే. రావలసినది ఒక వరుసలో, వచ్చినది మరొక వరుసలో, తేడా మూడవ వరుసలో. పెన్షనరు చేయవలసినది కూడా అదే. అయితే నెల నెలకూ వేరువేరుగా లెక్కించనక్కరలేదు. కరువు భృతి జనవరిలోను, జూలైలోను మాత్రమే మారుతుంది. కనుక ఆరేసి నెలలకు ఒక మెట్టు చొప్పున లెక్క కట్టితే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కరువు భృతి పెంపుదల జనవరి నుండి అమలైనా ప్రకటన వెలువడేది మార్చిలోనో, ఆ తరువాతనో. జూలై పెంపుదల ప్రకటన సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వస్తుంది. నడుమ నెలల తేడా ఆ తరువాత ఒకేసారి పడుతుంది. అందుచేత 2022 జూలై స్లిప్పులో 34 శాతమే కనిపిస్తుంది. అది చూచి జూలైకి 34 శాతం వేసుకుంటే మన లెక్కలో మనమే నష్టపోతాము. డబ్బు ఏ నెలలో పడినదని కాక, ఆ నెలకు ఏ రేటు వర్తిస్తుందన్నదే లెక్కకు ఆధారం. మరొకటి, కరువు భృతిలో పైసలు వస్తే పై రూపాయికి పూర్తి చేయాలన్నది నిబంధన. ఈ కేసులో పైసలు రాలేదు.

ఎనభై ఏళ్లు 2020లోనో, 2021 మొదట్లోనో నిండినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోవిడ్ కాలంలో కరువు భృతిని స్తంభింపజేసినందున 2020 జనవరి నుండి 2021 జూన్ వరకు రేటు 17 శాతమే. 2021 జూలై నుండి 31 శాతం. స్తంభించిన ఆ 18 నెలల బకాయి గురించి మన డిమాండు వేరుగా ఉన్నది. దానిని ఈ లేఖలో కలపరాదు. కలిపితే, ఇవ్వక తప్పని మొత్తాన్ని కూడా వివాదంలో ఉన్నదని చెప్పి ప్రక్కన పెట్టడానికి అధికారికి అవకాశం ఇచ్చినట్లవుతుంది.

లేఖ

మేము కలసి కూర్చుని తయారుచేసిన లేఖ ఇది. పేర్లు, నంబర్లు తొలగించి తెలుగులో ఇస్తున్నాము. ఎవరికి వారు తమ వివరాలు నింపుకుని వాడుకోవచ్చు.

"కేంద్రీకృత పెన్షన్ చెల్లింపు కార్యాలయ మేనేజరు గారికి,

విషయం: 2022 మార్చి 1 నుండి అదనపు పెన్షన్ బకాయి, దానిపై కరువు భృతి బకాయి చెల్లింపు గురించి. పెన్షన్ ఉత్తర్వు నంబరు, ఖాతా నంబరు ఈ క్రింద ఇవ్వబడినవి.

అయ్యా,

నేను రైల్వే గార్డుగా పనిచేసి 2002 మార్చి 31న పదవీ విరమణ చేశాను. నా జన్మతేదీ 1942 మార్చి 17 అని పెన్షన్ ఉత్తర్వులో ఉన్నది. 2022 మార్చిలో నాకు 80 సంవత్సరాలు నిండినందున, 2008 సెప్టెంబరు 1నాటి పెన్షన్, పెన్షనర్ల సంక్షేమ శాఖ ఉత్తర్వు ప్రకారం 2022 మార్చి 1 నుండి మూల పెన్షన్ రూ. 24,500 పై 20 శాతం, అనగా నెలకు రూ. 4,900 అదనపు పెన్షన్, దానిపై కరువు భృతి నాకు చెల్లించవలసియున్నది.

అదనపు పెన్షన్ 2023 డిసెంబరు నుండి మాత్రమే చెల్లించారు. దానిపై కరువు భృతి నేటివరకు చెల్లించలేదు. నాకు రావలసిన బకాయి వివరం ఇది.

మొదటి భాగం: అదనపు పెన్షన్, కరువు భృతి రెండూ చెల్లించని కాలం.

2022 మార్చి నుండి జూన్ వరకు, 4 నెలలు, కరువు భృతి 34 శాతం. నెలకు 4,900 + 1,666 = 6,566. మొత్తం రూ. 26,264.

2022 జూలై నుండి డిసెంబరు వరకు, 6 నెలలు, 38 శాతం. నెలకు 4,900 + 1,862 = 6,762. మొత్తం రూ. 40,572.

2023 జనవరి నుండి జూన్ వరకు, 6 నెలలు, 42 శాతం. నెలకు 4,900 + 2,058 = 6,958. మొత్తం రూ. 41,748.

2023 జూలై నుండి నవంబరు వరకు, 5 నెలలు, 46 శాతం. నెలకు 4,900 + 2,254 = 7,154. మొత్తం రూ. 35,770.

మొదటి భాగం, 21 నెలలకు: రూ. 1,44,354.

రెండవ భాగం: అదనపు పెన్షన్ చెల్లించి, దానిపై కరువు భృతి మాత్రం చెల్లించని కాలం.

2023 డిసెంబరు, 1 నెల, 46 శాతం. రూ. 2,254.

2024 జనవరి నుండి జూన్ వరకు, 6 నెలలు, 50 శాతం. నెలకు 2,450. మొత్తం రూ. 14,700.

2024 జూలై నుండి డిసెంబరు వరకు, 6 నెలలు, 53 శాతం. నెలకు 2,597. మొత్తం రూ. 15,582.

2025 జనవరి నుండి జూన్ వరకు, 6 నెలలు, 55 శాతం. నెలకు 2,695. మొత్తం రూ. 16,170.

రెండవ భాగం, 19 నెలలకు: రూ. 48,706.

2025 జూన్ 30 నాటికి మొత్తం బకాయి: రూ. 1,93,060.

కనుక ఈ క్రింది చర్యలు తీసుకోవలసినదిగా కోరుతున్నాను. ఒకటి, పై మొత్తాన్ని నా ఖాతాలో జమచేయాలి. రెండు, 2025 జూలై నుండి రూ. 29,400 పై కరువు భృతి లెక్కించి చెల్లించాలి. మూడు, పెన్షన్ బకాయి ఆలస్యానికి బ్యాంకు చెల్లించవలసిన సాలుకు 8 శాతం పరిహారాన్ని రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం బకాయితో పాటు అదే రోజున జమచేయాలి. నాలుగు, నా లెక్కలో ఏ అంకెతోనైనా తాము ఏకీభవించని పక్షంలో, అది ఏ నెలకు సంబంధించినదో, తమ లెక్క ప్రకారం ఎంత రావాలో వ్రాతపూర్వకంగా తెలియజేయాలి.

జతపరచినవి: పెన్షన్ ఉత్తర్వు నకలు, 2022 మార్చి నుండి పెన్షన్ స్లిప్పులు, పాసుపుస్తకం పుటల నకళ్లు, నా పూర్వపు రెండు లేఖల నకళ్లు.

ఇట్లు,
సంతకం, తేదీ.

నకలు: పెన్షన్ ఉత్తర్వు జారీచేసిన రైల్వే అకౌంట్సు అధికారి గారికి."

లేఖ పూర్తయిన తరువాత పెద్దాయన ఒకసారి చదివి, "దయతో అన్న మాట ఒకటైనా పెట్టవద్దా బాబూ? మరీ బాకీ వసూలుకు వెళ్లినట్లున్నదే" అన్నారు.

"బాకీ వసూలుకే గదా గార్డు గారూ వెళ్తున్నాము" అన్నాము.

ఆయన నవ్వి సంతకం చేశారు.

నాలుగవ కోరిక ఎందుకు?

ఈ లేఖకు ప్రాణం ఆ నాలుగవ కోరికలో ఉన్నది. లెక్క లేని విజ్ఞప్తికి "పరిశీలనలో ఉన్నది" అని జవాబు ఇవ్వవచ్చును. నెలలవారీగా అంకెలు వేసిన లేఖకు ఆ జవాబు సరిపోదు. "ఈ నెలకు ఈ అంకె తప్పు" అని చూపాలి, లేదా డబ్బు ఇవ్వాలి. లెక్క కట్టవలసిన భారం బ్యాంకుది. మనం ముందుగా కట్టి ఇచ్చినందువలన ఆ భారం మనమీదికి రాదు. వారు తప్పించుకొనే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఎనిమిది శాతం పరిహారం సంగతి మన పెన్షనర్లలో నూటికి తొంభైమందికి తెలియదని మా అనుభవం. ప్రభుత్వ పెన్షన్ చెల్లించే బ్యాంకు, పెన్షన్‌గాని, దాని బకాయినిగాని గడువు దాటి జమచేస్తే ఆలస్యానికి సాలుకు 8 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. 2008 అక్టోబరు 1 తరువాతి ఆలస్యపు చెల్లింపులన్నింటికీ ఇది వర్తిస్తుంది. పెన్షనరు అడగకుండానే, బకాయి జమచేసిన రోజుననే దీనిని జమచేయాలని కూడా ఆ ఆదేశంలోనే ఉన్నది. ఒక్క నెలకు ఎంతవుతుందో చూడండి. 2022 ఏప్రిల్ నెలకు రావలసిన రూ. 6,566 ఆ నెలాఖరుకు పడవలసినది. 2025 జూలై ఆఖరుకు పడినదనుకుంటే ఆలస్యం 39 నెలలు. సాధారణ వడ్డీ చొప్పున పరిహారం రూ. 1,707. ఇటువంటి నెలలు నలభై ఉన్నాయి. ఒక్కొక్క నెలకు ఆలస్యం తగ్గుతూ వస్తుంది గనుక ఈ మొత్తం కూడా తగ్గుతూ వస్తుంది. అయినా ఒక పెన్షనరు వదులుకోదగిన సొమ్ము కాదు.

ఒక మార్చి నెల సంగతి మాత్రం మరువరాదు. తక్కిన నెలల పెన్షన్ నెలాఖరుకు జమ అవుతుంది గాని, మార్చి పెన్షన్ ఏప్రిల్ మొదటి పనిదినాన గాని, ఆ తరువాత గాని జమ అవుతుంది. ఆలస్యం లెక్కించేటప్పుడు ఆ తేదీనుండే లెక్కించాలి. చిన్న తప్పు ఒకటి దొరికితే దానిని చూపి లేఖ మొత్తాన్ని త్రిప్పి పంపేవారున్నారు.

తపాలా సోదరులకు ఇక్కడ ఒక వివరణ అవసరం. బ్యాంకు ద్వారా పెన్షన్ తీసుకుంటున్న తపాలా ఉద్యోగులకు పైన చెప్పినదంతా యథాతథంగా వర్తిస్తుంది. తపాలా కార్యాలయం నుండే పెన్షన్ తీసుకుంటున్నవారు ఇదే లెక్కను హెడ్ పోస్టుమాస్టరుకు వ్రాసి, పోస్టల్ అకౌంట్సు కార్యాలయానికి నకలు పంపాలి. అయితే రిజర్వు బ్యాంకువారి ఎనిమిది శాతం ఆదేశం బ్యాంకులకు సంబంధించినది. తపాలా కార్యాలయంపై ఆ ఆదేశం పేరుతో పరిహారం అడిగితే నిలువదు. కనుక వారు మూడవ కోరికను తీసివేసి తక్కినవి ఉంచాలి.

ఆలస్యం చేస్తే పోయేది ఏమిటి?

హక్కు మనదైనప్పుడు ఎప్పుడు అడిగినా వస్తుందిలే అన్న ధీమా మనవారిలో ఉన్నది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ యజమాని దయాభిక్ష కాదని తీర్పు చెప్పినది. ఆ తేదీని మనం ఏటా పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము. అయితే అదే సుప్రీంకోర్టు 2008లో తర్సేంసింగ్ కేసులో మరొక సంగతి చెప్పినది. పెన్షన్ తక్కువగా ఇవ్వడం నెలనెలా కొనసాగే అన్యాయం కనుక, ఆలస్యంగా వచ్చినంతమాత్రాన కేసును త్రోసివేయనక్కరలేదు. కాని బకాయిని మాత్రం సాధారణంగా కోర్టులో దాఖలు చేసిన తేదీకి ముందు మూడు సంవత్సరాలకే పరిమితం చేయాలి.

దీనిని గార్డు గారి కేసుకు వర్తింపజేసి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. ఆయన మా వద్దకు వచ్చేనాటికే మొదటి బకాయి నెలకు మూడు సంవత్సరాలు దాటిపోయినవి. బ్యాంకు నిరాకరించి, 2025 జూలైలోనే కోర్టుకు వెళ్లవలసివస్తే, 2022 మార్చి నుండి జూన్ వరకు గల రూ. 26,264 ప్రమాదంలో పడేది. మరొక ఆరు నెలలు ఆగితే ఇంకొక రూ. 40,572 దానితో చేరేది. కార్యాలయం తన తప్పును తానే సరిదిద్దుకుంటే ఈ మూడేళ్ల ప్రసక్తి రాదు. అది సరిదిద్దుకోని పక్షంలో మాత్రం ఒక్కొక్క నెల గడిచినకొద్దీ వెనుకనుండి ఒక్కొక్క నెల రాలిపోతుంది. ఆ రెండు విజ్ఞప్తులకు జవాబు కోసం ఎదురుచూచిన పద్దెనిమిది నెలలు ఈ విధంగా ఖరీదైన నెలలు.

ఫలితం ఏమైనది?

లేఖను చేరినట్లు రుజువు ఉండేట్లు తపాలాలో పంపాము. అయిదు వారాలకు ఆయన ఖాతాలో రూ. 1,93,060 పడినది. ఒక్క రూపాయి తేడా లేదు. ఆ నెలనుండి కరువు భృతి కూడా రూ. 29,400 పైన వస్తున్నది. లేఖలోని అంకెలను వారు సరిచూచుకుని, అంగీకరించి చెల్లించారనుకోవాలి.

పరిహారం మాత్రం జమచేయలేదు. దానిపై మళ్లీ వ్రాశాము. ముప్పై రోజులలో సరియైన జవాబు రానందున రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేశాము. ఈ వ్యాసం వ్రాసేనాటికి అది విచారణలో ఉన్నది. బ్యాంకు తప్పును అంగీకరించి అసలు చెల్లించిన తరువాత, అదే తప్పువలన కలిగిన ఆలస్యానికి పరిహారం ఎందుకు ఇవ్వదో మాకు బోధపడడం లేదు.

మేము కోరేది

ఒక విషయం స్పష్టంగా చెప్పదలచుకున్నాము. ఎనభైమూడేళ్ల మనిషి పాసుపుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి, ఆరు నెలలకొక రేటు వెదికి, కూడికలు గుణింతాలు చేసి తన పెన్షన్ తాను నిరూపించుకోవలసిన పరిస్థితి న్యాయమైనది కాదు. జన్మతేదీ లేని ఖాతాలు ఎన్ని ఉన్నవో యంత్రాన్ని ఒక్కసారి అడిగితే ఒక్క గంటలో జాబితా వస్తుంది. ప్రతి చెల్లింపు కార్యాలయము ఆ జాబితా తీసి, పెన్షన్ ఉత్తర్వుతో సరిచూచి, ఖాళీలు పూరించాలి. ఆలస్యంగా పూరించిన ప్రతిచోట వెనుకటి బకాయిని కూడా తానుగా లెక్కించాలి. ఈ డిమాండును మన సమాఖ్య సంబంధిత శాఖల ముందు ఉంచాలి.

ఆ రోజు వచ్చేవరకు ఈ పని మన బ్రాంచీలు చేయవలసియున్నది. ప్రతి బ్రాంచి కార్యదర్శి తన పరిధిలోని విశ్రాంత సభ్యుల, వారి కుటుంబ పెన్షనర్ల జన్మతేదీలతో ఒక రిజిస్టరు ఉంచాలి. ఎనభై, ఎనభైఐదు, తొంభై నిండే నెలకు ముందు నెలలో వారికి ఒక కార్డు వ్రాయాలి. నిండిన నెల స్లిప్పు తెప్పించి, పైన చెప్పిన చిన్న పరీక్ష చేయాలి. వితంతువుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. పాత ఉత్తర్వులలో భర్త జన్మతేదీ ఉంటుంది గాని, భార్య జన్మతేదీ చాలావాటిలో ఉండదు. ఆమె వయస్సు రుజువును ముందుగానే దాఖలు చేయించకపోతే ఎనభై వచ్చినా యంత్రానికి తెలియదు.

గార్డు గారు ఇటీవల మళ్లీ మా కార్యాలయానికి వచ్చారు. ఈసారి సంచిలో తన కాగితాలు లేవు. తమ వీధిలో ఉన్న ఒక విశ్రాంత మెయిల్ సార్టరు గారి భార్య పాసుపుస్తకం తెచ్చారు. ఆమెకు ఎనభైఒకటి. స్లిప్పులు ముందుగానే తెప్పించి, ఆరేసి నెలల చొప్పున లెక్క కూడా స్వయంగా వేసుకుని వచ్చారు. మేము సరిచూచాము. ఒక మెట్టులో మాత్రం జూలై రేటు బదులు జనవరి రేటు వేశారు. దిద్ది ఇచ్చాము. ఆ లేఖ తపాలాలో వేయబడినది.